బీటా 1.25: ఒక గీత చెప్పేది, చెప్పనిది

షేర్ల ధరలు చూపించే ఏ యాప్ తెరిచినా కంపెనీ పేరు కింద కొన్ని అంకెలు వరుసగా కనిపిస్తాయి. పీఈ, డివిడెండ్, 52 వారాల గరిష్ఠ ధర, వాటి పక్కనే బీటా. అక్కడ 1.25 అని ఉందనుకుందాం. మార్కెట్ పది శాతం పెరిగితే ఈ షేరు పన్నెండున్నర శాతం పెరుగుతుందని, మార్కెట్ పడితే అదే లెక్కన పడుతుందని చాలామంది దానికి అర్థం చెబుతారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. కానీ అది ఇవ్వకూడని భరోసా కూడా ఇస్తోంది. బీటా అనేది కంపెనీ బ్యాలెన్స్ షీట్‌లో రాసి ఉండే అంకె కాదు. గడిచిన కొన్ని నెలల్లో షేరు ఎలా కదిలింది, మార్కెట్ ఎలా కదిలింది అని పక్కపక్కన పెట్టి, ఆ బిందువుల మధ్య గీసిన ఒక సరళరేఖ వాలు అది. ఆ రేఖ గురించి తెలుసుకోవలసినవి ఇంకో రెండున్నాయి. నిలువు అక్షాన్ని అది ఎక్కడ తాకుతోంది? బిందువులు దాన్ని ఎంత అంటిపెట్టుకుని ఉన్నాయి? ఈ రెండూ చూడకుండా వాలు ఒక్కటే చదివితే ఉన్న ధైర్యం కంటే ఎక్కువ ధైర్యం వచ్చేస్తుంది.

ఈ గీత గీయవలసిన అవసరం మొదట కంప్యూటర్ల దగ్గర వచ్చింది. ఏ షేర్లు ఎంతెంత కొంటే నష్టభయం తగ్గుతుందో లెక్కగట్టే పద్ధతిని హ్యారీ మార్కోవిట్జ్ 1952లో చూపించారు. కానీ దానికి ప్రతి జత షేర్ల మధ్యా ఉన్న సంబంధం తెలియాలి. వంద షేర్లుంటే 4,950 జతలు. 1963లో విలియం షార్ప్ ఒక దగ్గరిదారి ప్రతిపాదించారు. షేర్లు ఒకదానితో ఒకటి కలిసి కదలడానికి ముఖ్య కారణం అన్నీ మార్కెట్‌తో కలిసి కదలడమే అనుకుంటే, ప్రతి షేరుకూ మార్కెట్‌తో ఉన్న సంబంధం ఒక్కటి తెలిస్తే చాలు. వంద షేర్ల సమస్యకు ఆనాటి ఐబీఎం 7090 కంప్యూటర్ మీద పాత పద్ధతిలో 33 నిమిషాలు పడితే, ఈ పద్ధతిలో 30 సెకన్లు పట్టింది. మరుసటి ఏడాది అదే ఆలోచనను ఆయన పెట్టుబడి ధరల సిద్ధాంతంగా మలిచారు. 1990లో మార్కోవిట్జ్, మెర్టన్ మిల్లర్‌లతో కలిసి నోబెల్ అందుకున్నారు. ఇప్పుడు మన ఫోన్లలో కనిపించే బీటా ఆ దగ్గరిదారికి వారసురాలే.

ఆరు నెలలు, ఆరు బిందువులు

లెక్క చేత్తో వేసి చూస్తే తప్ప ఈ అంకె స్వభావం తెలియదు. అందుకు ఒక కంపెనీని ఊహించుకుందాం. కింది పట్టికలోవి నిజమైన ఏ షేరువీ కావు. కాగితం మీద తేలిగ్గా కూడడానికి, హెచ్చవేయడానికి వీలుగా ఎంచుకున్నవి. మార్కెట్ అంటే ఇక్కడ నిఫ్టీ 50 లాంటి సూచీ అనుకోండి. రెండు వరుసల్లోనూ ఉన్నవి ధరలు కావు, నెలవారీ రాబడులు. నెలాఖరు ధరను అంతకుముందు నెలాఖరు ధరతో భాగించి, అందులోంచి ఒకటి తీసేస్తే రాబడి వస్తుంది. దాన్ని శాతంలో రాశాం.

| నెల | మార్కెట్ రాబడి | షేరు రాబడి |
|---|---|---|
| 1 | 4 | 11 |
| 2 | −2 | 4 |
| 3 | 3 | −5 |
| 4 | −5 | −6 |
| 5 | 6 | 11 |
| 6 | 0 | −3 |

ధరలు వదిలి రాబడులే తీసుకోవడానికి కారణం ఉంది. ధరలు రెండూ ఏళ్ల తరబడి పైకే పోతుంటే, ఒకదానితో ఒకటి సంబంధం లేకపోయినా కలిసి నడిచినట్టే కనిపిస్తాయి. నెలనెలా వచ్చిన మార్పును చూస్తేనే అసలు సంబంధం బయటపడుతుంది.

మార్కెట్ సగటు రాబడి 1 శాతం, షేరు సగటు 2 శాతం. ఇప్పుడు ప్రతి నెలా రాబడి తన సగటు నుంచి ఎంత దూరం పోయిందో చూడాలి. మొదటి నెల మార్కెట్ తన సగటు కంటే 3 ఎక్కువ, షేరు తన సగటు కంటే 9 ఎక్కువ. ఆ రెండింటినీ గుణిస్తే 27. రెండో నెల మార్కెట్ 3 తక్కువ, షేరు 2 ఎక్కువ కాబట్టి గుణిస్తే −6. ఇలా ఆరు నెలలూ చేసి కూడితే 105 వస్తుంది. రెండూ ఒకే వైపు కదిలిన నెలలు ఈ మొత్తాన్ని పెంచుతాయి, ఎదురెదురుగా కదిలిన నెలలు తగ్గిస్తాయి. ఇక మార్కెట్ దూరాలను మాత్రమే వర్గం చేసి కూడితే 84. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 105 ÷ 84 = 1.25. అదే బీటా.

గ్రాఫు కాగితం మీద మార్కెట్‌ను అడ్డంగా, షేరును నిలువుగా పెట్టి ఈ ఆరు బిందువులు గుర్తిస్తే, వాటి మధ్యగా పోయే గీతకు ఈ 1.25 వాలు. మార్కెట్ వైపు ఒక మెట్టు కదిలితే గీత ఒకటింబావు మెట్లు ఎక్కుతుంది. ఆ గీత రెండు సగటులూ కలిసే బిందువు గుండా తప్పకుండా పోతుంది. కాబట్టి షేరు సగటు 2లోంచి 1.25 × 1 తీసేస్తే 0.75 మిగులుతుంది. మార్కెట్ రాబడి సున్నా అయిన చోట గీత ఉండే ఎత్తు అది. గణితంలో అంతరఖండం అంటారు. మదుపు ప్రపంచంలో దానికి ఆల్ఫా అనే పేరు వాడుకలో ఉంది.

బిందువుల మధ్య ఎన్నో గీతలు గీయవచ్చు. వాటిలో దీన్నే ఎందుకు ఎంచుకుంటాం? గీత చెప్పినదానికీ నిజంగా జరిగినదానికీ ప్రతి నెలా ఎంతో కొంత తేడా ఉంటుంది. మూడో నెల చూడండి. మార్కెట్ 3 శాతం పెరిగింది. గీత ప్రకారం షేరు 0.75 + 1.25 × 3, అంటే 4.5 శాతం పెరగాలి. కానీ 5 శాతం పడింది. తేడా 9.5. ఇలాంటి ఆరు తేడాలనూ వర్గం చేసి కూడితే 172.75 వస్తుంది. గీతను కాస్త పైకి జరిపినా, కిందకు జరిపినా, వాలు మార్చినా ఈ మొత్తం పెరుగుతుందే తప్ప తగ్గదు. అందుకే దీన్ని కనిష్ఠ వర్గాల పద్ధతి అంటారు.

ఆర్-స్క్వేర్డ్ కూడా ఇక్కడే దొరుకుతుంది. గీత లేకుండా, షేరు రాబడులు తమ సగటు నుంచి ఎంత చెదిరాయో వర్గాలు కూడి చూస్తే 304. గీత గీశాక మిగిలిపోయినది 172.75. అంటే గీత వివరించగలిగింది 131.25. దాన్ని 304తో భాగిస్తే 0.43. ఈ ఆరు నెలల్లో షేరు ఊగిసలాటలో 43 శాతం మార్కెట్ కదలికతో ముడిపడి ఉంది, మిగతా 57 శాతం కంపెనీ సొంత సంగతుల వల్ల వచ్చిందని దీని అర్థం. సొంత సంగతులంటే ఆర్డర్లు రావడం, పోవడం, ముడిసరుకు ధర, యాజమాన్యం మారడం, కోర్టు కేసు, ఆ పరిశ్రమకే వచ్చిన గాలివాన.

స్ప్రెడ్‌షీట్‌లో ఇదంతా మూడు వరుసల పని. B నిలువు వరుసలో మార్కెట్ రాబడులు, C వరుసలో షేరు రాబడులు ఉంటే:

```
=SLOPE(C2:C7, B2:B7)
=INTERCEPT(C2:C7, B2:B7)
=RSQ(C2:C7, B2:B7)
```

షేరు ముందు, మార్కెట్ తర్వాత రాయాలి. తారుమారు చేస్తే షేరును బట్టి మార్కెట్‌ను అంచనా వేసినట్టవుతుంది. మన పట్టికలో అప్పుడు వాలు 105 ÷ 304, అంటే 0.35 వస్తుంది. దూకుడుగా ఊగే షేరు ఒక్కసారిగా సాధువైనట్టు కనిపిస్తుంది. ఆర్-స్క్వేర్డ్ మాత్రం ఎటు రాసినా 0.43 గానే ఉంటుంది కాబట్టి, తప్పు జరిగిందన్న అనుమానం దాన్ని చూస్తే రాదు.

వాలుకు ఉన్న వెడల్పు

ఇప్పుడు అసలు సంగతి. 1.25 అన్నది ఈ ఆరు నెలల నుంచి వచ్చిన అంచనా. వేరే ఆరు నెలలు తీసుకుంటే వేరే అంకె వస్తుంది. అలా ఎంత అటూఇటూ అవ్వచ్చో చెప్పే కొలతను ప్రామాణిక దోషం అంటారు. దాన్ని బీటా, ఆర్-స్క్వేర్డ్, నెలల సంఖ్య అనే మూడింటి నుంచే రాబట్టవచ్చు. ఒకటిని ఆర్-స్క్వేర్డ్‌తో భాగించి, అందులోంచి ఒకటి తీసేసి, వచ్చినదాన్ని నెలల సంఖ్య కంటే రెండు తక్కువైన అంకెతో భాగించి, వర్గమూలం కట్టి, బీటాతో గుణించాలి.

```
s = beta * sqrt((1/R2 - 1) / (n - 2))
```

మన ఆరు నెలలకు ఇది 0.72 వస్తుంది. ఇంత తక్కువ బిందువులున్నప్పుడు, నూటికి తొంభై అయిదు పాళ్లు నమ్మదగిన హద్దు కావాలంటే దీనికి దాదాపు 2.8 రెట్లు అటూఇటూ పోవాలి. అప్పుడు అసలు బీటా −0.7 నుంచి 3.2 వరకు ఎక్కడైనా ఉండవచ్చు. అంటే ఆ షేరు మార్కెట్‌కు ఎదురు నడిచేదో, మూడు రెట్లు ఊగేదో కూడా ఈ ఆరు నెలలు తేల్చలేవు.

అందుకే ఆచరణలో అయిదేళ్ల నెలవారీ రాబడులు, అంటే 60 బిందువులు తీసుకోవడం మామూలు. ఇదే తీరు, ఇదే 1.25, ఇదే 0.43తో 60 నెలలు నడిచిందనుకుందాం. అప్పుడు ప్రామాణిక దోషం 0.19కి దిగుతుంది. బిందువులు ఎక్కువున్నప్పుడు రెండు రెట్లు సరిపోతుంది కాబట్టి హద్దులు 0.87, 1.63. అయిదేళ్ల శ్రమ తర్వాత కూడా ఈ షేరు మార్కెట్ కంటే నెమ్మదస్తురాలా, ఒకటిన్నర రెట్లకు మించి దూకేదా అన్నది ఖాయంగా చెప్పలేకపోతున్నాం. యాప్‌లో రెండు దశాంశ స్థానాలతో కనిపించే అంకెకు అంత కచ్చితత్వం ఎక్కడా లేదు. ఈ హద్దులు కూడా పక్కనే రాసి చూపిస్తే బాగుంటుందని నా గట్టి అభిప్రాయం. ఎందుకంటే కంపెనీ విలువ కట్టేవాళ్లు ఈ బీటానే పట్టుకుని మదుపరులు ఎంత రాబడి ఆశించాలో లెక్కవేస్తారు. మార్కెట్ నుంచి అదనంగా 7 శాతం ఆశిస్తున్నారనుకుంటే, బీటా 0.87 అయితే ఆ భాగం 6.1 శాతం అవుతుంది, 1.63 అయితే 11.4 శాతం. ఒకే కంపెనీకి ఇంత తేడాతో ధర కడితే, అది చౌకగా ఉందో ఖరీదుగా ఉందో ఎవరికి తోచినట్టు వారు చెప్పుకోవచ్చు.

ఆల్ఫా మీద ఆశ

మూడింటిలో మనిషిని ఎక్కువగా ఊరించేది అంతరఖండం. నెలకు 0.75 శాతం అంటే ఏడాదికి 9 శాతం. మార్కెట్ కదలకపోయినా కంపెనీ ఏటా 9 శాతం తెచ్చిపెడుతోందని కనిపిస్తే ఎవరికైనా కళ్లు మెరుస్తాయి. కానీ ముందు రెండు సంగతులు చూడాలి.

మొదటిది, దాన్ని దేనితో పోల్చాలన్నది. భయం లేని రాబడి, ఉదాహరణకు 91 రోజుల ట్రెజరీ బిల్లు మీద వచ్చేది, నెలకు అర శాతం అనుకుందాం. షార్ప్ సిద్ధాంతం ప్రకారం ఏ ప్రత్యేకతా లేని షేరుకు కూడా అంతరఖండం సున్నా కానక్కర్లేదు. అది భయం లేని రాబడిని (1 − బీటా)తో గుణించినంత ఉండాలి. మన షేరుకు అది 0.5 × (−0.25), అంటే −0.125. కాబట్టి అసలు పైచేయి 0.75 కాదు, 0.875. ఇక్కడ తేడా చిన్నదే. కానీ బీటా 0.4 ఉన్న షేరుకు ఇదే లెక్కలో నెలకు 0.3 శాతం ఏ గొప్పతనమూ లేకుండానే అంతరఖండంలోకి వచ్చి చేరుతుంది. ఏడాదికి 3.6 శాతం. తక్కువ బీటా షేర్ల ఆల్ఫా చూసి మురిసిపోయే ముందు ఈ తీసివేత చేయాలి. రెండు వరుసల్లోంచీ ట్రెజరీ బిల్లు రాబడిని ముందే తీసేసి గీత గీస్తే ఈ గొడవ ఉండదు. మ్యూచువల్ ఫండ్ల మేనేజర్లు నిజంగా ఏమైనా సాధిస్తున్నారా అని 1968లో మైకేల్ జెన్సెన్ 115 ఫండ్లను పరీక్షించింది ఈ పద్ధతిలోనే. అందుకే దాన్ని జెన్సెన్ ఆల్ఫా అంటారు.

రెండోది మళ్లీ వెడల్పు సంగతే. మన 60 నెలల ఉదాహరణలో అంతరఖండానికి ప్రామాణిక దోషం 0.73 వస్తుంది. హద్దులు −0.7 నుంచి 2.2 వరకు. మధ్యలో సున్నా ఉంది. అయిదేళ్ల పాటు ఏటా 9 శాతం అదనంగా తెచ్చినట్టు కనిపించిన షేరు కూడా, అది కంపెనీ సత్తా అని గానీ, ఆ అయిదేళ్ల అదృష్టం అని గానీ రుజువు చేయలేకపోతోంది. పైగా ఆల్ఫా అన్నది గడిచిన కాలపు మిగులు. వచ్చే నెలకు అది హామీ కాదు.

ఆర్-స్క్వేర్డ్‌ను ఎలా చదవాలి

0.43 చూసి చాలామంది పెదవి విరుస్తారు. పరీక్షలో నలభై మూడు మార్కులు వచ్చినట్టు దాన్ని చదువుతారు. ఒక్కో షేరు విషయంలో అది తక్కువేమీ కాదు. అమెరికన్ ఫైనాన్స్ అసోసియేషన్ అధ్యక్షుడిగా రిచర్డ్ రోల్ చేసిన ప్రసంగం 1988లో ఇదే పేరుతో అచ్చయింది. పెద్ద అమెరికన్ కంపెనీల షేర్లను మార్కెట్‌తోనే కాకుండా పరిశ్రమ ప్రభావాలతో కూడా కలిపి వివరించబోతే, నెలవారీ రాబడుల్లో సగటున 35 శాతం, రోజువారీ రాబడుల్లో 20 శాతం దాకానే వివరణ దొరికిందని ఆయన చూపించారు. షేరు కదలికలో ఎక్కువ భాగం దాని సొంత గోల.

ఆర్-స్క్వేర్డ్ తక్కువైతే బీటా తప్పని కాదు. ఒకే 1.25 బీటా ఉన్న రెండు షేర్లలో ఒకదానికి 0.7, ఇంకోదానికి 0.1 ఉందనుకోండి. మార్కెట్ కదిలినప్పుడు రెండూ సగటున ఒకే మోతాదులో స్పందిస్తాయి. కానీ రెండోది దానికి తోడు సొంత కారణాలతో ఎంతో ఎక్కువగా ఎగిరిపడుతుంది. ముప్పై, నలభై షేర్లు ఉన్నవారికి ఆ ఎగిరిపాటులో చాలా భాగం ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటుంది. చివరికి మిగిలేది బీటానే. ఉన్న డబ్బంతా ఒకే కంపెనీలో పెట్టినవారికి మాత్రం బీటా చెప్పేది భయంలో చిన్న ముక్క. మన ఉదాహరణలో అది సగం కూడా కాదు. సొంత కంపెనీ షేర్లనే పొదుపుగా దాచుకునే ఉద్యోగులు ఈ తేడా తప్పక తెలుసుకోవాలి.

హైదరాబాద్ ఆ పాఠాన్ని చూసింది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ బయటకొచ్చింది. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని అందులో ఉంది. ఆ ఒక్క రోజులో షేరు దాదాపు 78 శాతం కూలింది. సెన్సెక్స్ 7 శాతానికి పైగా పడింది. ఏ బీటా లెక్కా ఆ పతనాన్ని ముందే చెప్పగలిగేది కాదు. 7 శాతం పడిన మార్కెట్‌కు 78 శాతం పడటానికి బీటా పదకొండు ఉండాలి. అలాంటి షేరు ఉండదు. అది నూటికి నూరుపాళ్లు కంపెనీ లోపలి నుంచి వచ్చిన దెబ్బ. పైగా ఆ రోజు మార్కెట్ పడి షేరును లాగలేదు. సూచీలో భాగమైన సత్యం వార్తే మార్కెట్‌ను కూడా వణికించింది.

అలాంటి రోజు లెక్కలో చేరితే ఏమవుతుందో మన పట్టికతోనే చూద్దాం. ఏడో వరుసగా మార్కెట్ −7, షేరు −78 చేర్చండి. మళ్లీ అన్నీ కూడి, భాగిస్తే బీటా 1.25 నుంచి 4.7కి ఎగబాకుతుంది. ఇంకా గమ్మత్తు, ఆర్-స్క్వేర్డ్ 0.43 నుంచి 0.53కి పెరుగుతుంది. దూరంగా ఉన్న ఆ ఒక్క బిందువు దగ్గరికి గీత వంగిపోయింది కాబట్టి, మొత్తం చెదురులో ఎక్కువ భాగాన్ని వివరించినట్టు లెక్క తేలింది. ఆర్-స్క్వేర్డ్ పెరిగింది కదా, గీత బాగా కుదిరినట్టే అనుకుంటే పూర్తిగా మోసపోతాం. దీన్ని పట్టుకునే దారి ఒక్కటే, సూత్రాలకు ముందు బిందువులను గ్రాఫు మీద పెట్టి కంటితో చూడటం. ఏదైనా బిందువు గుంపుకు దూరంగా విడిగా ఉంటే, అది లేకుండా ఒకసారి, ఉండగా ఒకసారి వాలు కట్టాలి. రెండూ దగ్గరగా వస్తే సరే. రాకపోతే ఆ బీటా 60 నెలలది కాదు, ఆ ఒక్క నెలది.

అలాగని దూరంగా ఉన్న ప్రతి బిందువునూ తుడిచేయకూడదు. 2020 మార్చిలో, కరోనా భయంతో నిఫ్టీ 50 ఒక్క నెలలో 23 శాతం పడింది. అది మార్కెట్ మొత్తానికీ వచ్చిన దెబ్బ. ఏ షేరు ఎంత కుంగిందన్నది నిజంగా బీటా గురించిన సమాచారమే. కానీ దాని బరువు గుర్తుంచుకోవాలి. మామూలు నెలల్లో సూచీ తన సగటు నుంచి 5 శాతం దాకా తొణికితే, వర్గం 25. ఆ నెల దూరం 24 అనుకుంటే వర్గం 576. అంటే ఆ ఒక్క నెల ఇరవై మూడు మామూలు నెలలంత బలంగా గీతను లాగుతుంది. 2025 ఫిబ్రవరి నెలాఖరున అయిదేళ్ల బీటా కట్టినవారి లెక్కలో ఆ నెల ఉంది. మార్చి నెలాఖరున కట్టినవారి లెక్కలో లేదు. ఆ ముప్పై రోజుల్లో కంపెనీలో ఏమీ జరగకపోయినా బీటా మారిపోవచ్చు.

దూరపు బిందువు ఎప్పుడూ నిజం కానక్కర్లేదు కూడా. కంపెనీ ఒకటికి ఒకటి బోనస్ ఇస్తే షేరు ధర సగమవుతుంది, చేతిలో షేర్లు రెట్టింపవుతాయి, మదుపరికి నష్టమేమీ లేదు. బోనస్‌కు సర్దని ధరలతో లెక్క వేస్తే మాత్రం ఆ నెల −50 శాతం రాబడి కనిపిస్తుంది. ముఖం విభజన జరిగినా ఇంతే. −50, −80, −90 లాంటి అంకె తగిలితే ముందు చూడవలసింది వార్తలు కాదు, బోనస్, విభజన తేదీలు.

తక్కువ బీటా, అరుదుగా చేతులు మారే షేరు

నేను ఎక్కువ భయపడే తప్పు ఇంకొకటి. చిన్న కంపెనీల షేర్లు కొన్ని రోజుల తరబడి చేతులు మారవు. సోమవారం మార్కెట్ పడుతుంది. ఈ షేరులో ఆ రోజు లావాదేవీ ఉండదు, పాత ధరే ముగింపు ధరగా నమోదవుతుంది. బుధవారం ఎవరో అమ్మినప్పుడు సోమవారం దెబ్బ బయటపడుతుంది. రోజువారీ రాబడులతో గీత గీస్తే సోమవారం మార్కెట్ పడినా షేరు కదల్లేదు, బుధవారం మార్కెట్ కదలకపోయినా షేరు పడింది. రెండు బిందువులూ వాలును సున్నా వైపు తోస్తాయి. బీటా 0.3 అని వస్తుంది. చూసినవారు ఇదేదో భద్రమైన షేరు అనుకుంటారు. నిజానికి అది అమ్మాలనుకున్నప్పుడు కొనేవాడు దొరకని షేరు.

దీన్ని పసిగట్టడం కష్టం కాదు. అదే షేరుకు రోజువారీ, వారపు, నెలవారీ రాబడులతో మూడు బీటాలు కట్టి చూడాలి. రోజువారీది 0.3, వారానిది 0.6, నెలవారీది 0.9 అని మెట్లెక్కుతుంటే జవాబు దొరికినట్టే. ఎల్రాయ్ డిమ్సన్ 1979లో ఇంకో మార్గం చూపించారు. ఈ రోజు మార్కెట్ రాబడితో పాటు నిన్నటిదీ, మొన్నటిదీ, అవసరమైతే రేపటిదీ కూడా రిగ్రెషన్‌లో చేర్చి, వచ్చిన వాలులన్నిటినీ కూడుకోవాలి. ఆలస్యంగా వచ్చిన స్పందన ఆ మొత్తంలో దొరికిపోతుంది.

ఇక రెండు వెబ్‌సైట్లు ఒకే షేరుకు రెండు బీటాలు చూపిస్తే ఆశ్చర్యపడనక్కర్లేదు. ఒకరు రెండేళ్ల వారపు రాబడులు తీసుకుని ఉండవచ్చు, మరొకరు అయిదేళ్ల నెలవారీవి. ఒకరి సూచీ సెన్సెక్స్, ఇంకొకరిది నిఫ్టీ 500. అన్నిటికంటే ఎక్కువగా పట్టించుకోనిది సవరణ. మార్షల్ బ్లూమ్ 1971లో ఒక సంగతి గమనించారు. ఒక కాలంలో ఎక్కువ బీటా చూపిన షేర్లు తర్వాతి కాలంలో ఒకటి వైపు దిగివస్తాయి, తక్కువ చూపినవి ఒకటి వైపు ఎక్కుతాయి. ఎక్కువ బీటా కొంత నిజంగానే ఎక్కువ, కొంత ఆ కాలపు యాదృచ్ఛికం. ఆ రెండో భాగం తర్వాతి కాలంలో నిలవదు. అందుకని గీత ఇచ్చిన బీటాకు మూడింట రెండు వంతులు, ఒకటికి మూడింట ఒక వంతు కలిపి వాడటం అలవాటైంది. బ్లూమ్‌బర్గ్ చూపించే సవరించిన బీటా ఇదే. మన 1.25 అక్కడ 1.17 అవుతుంది.

ఒక్క షేరు గీత ఇంత వెడల్పుగా ఉంటుంది కాబట్టే, కంపెనీ విలువ కట్టేవారు చాలామంది అదే వ్యాపారంలోని ఎనిమిది, పది కంపెనీల బీటాలు కట్టి సగటు తీసుకుంటారు. అయితే అప్పు ఎక్కువున్న కంపెనీ షేరు మార్కెట్‌కు ఎక్కువ ఊగుతుంది. అందుకని ముందు ఒక్కొక్క కంపెనీ అప్పుల ప్రభావాన్ని తీసేసి సగటు కట్టి, చివర్లో తమ కంపెనీ అప్పుల మేరకు దాన్ని తిరిగి చేరుస్తారు. తొమ్మిది కంపెనీల దోషాలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే సగటుకు ఉండే దోషం మూడో వంతుకు తగ్గాలి. మన 0.19 దాదాపు 0.06 కావాలి. కానీ సిమెంటు కంపెనీలన్నిటినీ బొగ్గు ధర ఒకేసారి కుదుపుతుంది, మందుల కంపెనీలన్నిటినీ అమెరికా నియంత్రణ సంస్థ నిర్ణయాలు కలవరపెడతాయి. వాటి దోషాలు ఒకే వైపు జారతాయి. అందుకని నిజంగా దక్కే తగ్గుదల అంతకంటే తక్కువ. ఎంత తక్కువో తెలియాలంటే ఆ తొమ్మిది గీతల దగ్గరా మిగిలిపోయిన తేడాలను నెలవారీగా పక్కపక్కన పెట్టి చూడాలి.